ఐదో వంతు దగ్గర మీటిన తీగ: సైన్ శ్రేణి నిజంగా పరిష్కారమేనా?

ప్రశ్న: రెండు చివరలా బిగించిన తీగను ఒకచోట లాగి వదిలే లెక్కలో సైన్ శ్రేణి వరకు రాగలిగాను. కానీ దాన్ని x దృష్ట్యా పదం పదంగా రెండుసార్లు అవకలనం చేస్తే వచ్చే శ్రేణి అభిసరించడం లేదు. మరి ఇది తరంగ సమీకరణానికి పరిష్కారం ఎలా అవుతుంది? వదిలాక తీగ అదే త్రిభుజంలా ఉంటూ ఎత్తు తగ్గించుకుంటూ కిందికి దిగుతుందా? ఐదో వంతు దగ్గర మీటితే ఐదో హరాత్మకం రాదంటారు, ఎందుకు?

సమాధానం:

మీకు ఎదురైన ఇబ్బంది లెక్క తప్పడం వల్ల వచ్చినది కాదు. లాగి పట్టుకున్న తీగకు వేలి దగ్గర ఒక కొన ఉంటుంది, ఆ కొన దగ్గర రెండో అవకలజం లేదు. లేనిదాన్ని రాబట్టబోయే శ్రేణి అభిసరించకపోవడం సహజమే. 18వ శతాబ్దంలో పెద్ద గణితవేత్తలు ఏళ్ల తరబడి వాదించుకున్నది కూడా ఈ కొన గురించే. 1747లో తరంగ సమీకరణాన్ని సాధించిన డాలంబేర్, రెండుసార్లు అవకలనం చేయడానికి వీలులేని ఆకారాన్ని తొలి ఆకారంగా తీసుకోవడానికి ఒప్పుకోలేదు. ఆయిలర్ మాత్రం చేత్తో గీయగలిగిన ఏ వక్రాన్నయినా తీసుకోవచ్చునన్నారు. 1753లో డేనియల్ బెర్నౌలీ ముందుకు వచ్చి, తీగ శబ్దంలో మూలస్వరంతో పాటు హరాత్మకాలు కూడా వినిపిస్తాయి కనుక దాని కదలిక ఎలాంటిదైనా సైన్ పదాల మొత్తంగా రాయవచ్చునన్నారు. ఆ మాటను అంత విస్తృతంగా అంగీకరించడానికి మిగిలిన ఇద్దరూ సిద్ధపడలేదు. ఈ ముగ్గురి వైఖరులనూ ఒకే తీగ మీద, అంకెలతో సహా కలిపి చూస్తే మీ మూడు ప్రశ్నలకూ ఒకేసారి జవాబు దొరుకుతుంది.

సోనామీటరులో లాగా, చెక్క పలక మీద రెండు పదునైన మెట్ల మధ్య బిగించిన, 1 మీటరు పొడవు, 0.5 మి.మీ. వ్యాసం ఉన్న ఉక్కు తీగను తీసుకుందాం. దాని రేఖీయ సాంద్రత మీటరుకు సుమారు 1.54 గ్రాములు. తన్యతను 61.7 న్యూటన్ల దగ్గర నిలిపితే తరంగ వేగం c = √(T/μ) సెకనుకు 200 మీటర్లు అవుతుంది, ప్రాథమిక పౌనఃపున్యం 100 హెర్ట్జ్, ఆవర్తన కాలం 10 మిల్లీసెకన్లు. ఎడమ చివర నుంచి 200 మి.మీ. దూరంలో, అంటే ఐదో వంతు దగ్గర, తీగను 10 మి.మీ. పైకి లాగి, నిశ్చల స్థితి నుంచి వదులుతున్నాం. మీరు రాబట్టిన శ్రేణి ఇదే అయి ఉండాలి:

u(x,t) = Σ bₙ sin(nπx/L) cos(nπct/L)

bₙ = 2hL² sin(nπa/L) / [π² n² a(L − a)]

ఇక్కడ a = L/5, h = 10 మి.మీ. కనుక bₙ = 12.665 sin(nπ/5)/n² మి.మీ. అవుతుంది.

శ్రేణిని కాసేపు పక్కన పెట్టి, తీగ ఏ ఆకారంలో కదులుతుందో ముందు చూద్దాం. తొలి త్రిభుజాన్ని x = 0 దగ్గర బేసి ప్రమేయంగా తిప్పి, 2L ఆవర్తనంతో రెండు వైపులా పొడిగించి, దానిని F అనండి. తొలి వేగం సున్నా కనుక డాలంబేర్ పరిష్కారం u = ½[F(x − ct) + F(x + ct)] అవుతుంది. సగం ఎత్తున్న రెండు ప్రతులు, ఒకటి కుడికి, ఒకటి ఎడమకు పోతాయన్నమాట. కొన రెండుగా చీలి, ఒక మలుపు ఎడమ వైపుకు, మరొకటి కుడి వైపుకు, రెండూ 200 మీ/సె వేగంతో పరుగెత్తుతాయి. ఈ మలుపులు ఇంకా చేరని భాగాలకు వేలు వదిలిన సంగతే తెలియదు, అవి పాత త్రిభుజపు భుజాల మీదే కదలకుండా నిలబడి ఉంటాయి. రెండు మలుపుల మధ్య ఉన్న భాగం మాత్రం తిన్నని గీతగా మారి, ఒకే వేగంతో కిందికి దిగుతుంది.

మన తీగలో ఎడమ భుజం వాలు 10/200, అంటే 0.05. కుడి భుజం వాలు −10/800, అంటే −0.0125. మధ్య భాగం వాలు ఈ రెండింటి సగటు, 0.01875. అది కిందికి దిగే వేగం ½c(0.05 + 0.0125), అంటే సెకనుకు 6.25 మీటర్లు. వదిలిన 1 మిల్లీసెకనుకు మలుపులు చెరో 200 మి.మీ. నడిచి ఉంటాయి. ఎడమ మలుపు అప్పుడే చివర మెట్టును తాకుతుంది, కుడి మలుపు 400 మి.మీ. దగ్గర, 7.5 మి.మీ. ఎత్తులో ఉంటుంది. ఆ క్షణంలో తీగ, ఎడమ చివర నుంచి (400, 7.5) వరకు ఒక గీత, అక్కడి నుంచి కుడి చివర వరకు మరో గీత. మొదట్లో కొన ఉన్న 200 మి.మీ. బిందువు 10 నుంచి 3.75 మి.మీ.కు దిగిపోయింది, 900 మి.మీ. దగ్గర ఉన్న బిందువు మాత్రం ఇంకా అంగుళం కాదు కదా, వెంట్రుకవాసి కూడా కదలలేదు. అందువల్ల త్రిభుజమే ఎత్తు తగ్గించుకుంటూ దిగుతుందన్న ఊహ సరికాదు. ఒకే ఆకారం కుంచించుకోవడమూ సాగడమూ ఒక్క హరాత్మకం మాత్రమే ఉన్నప్పుడు జరిగే పని. 5 మిల్లీసెకన్లకు, అంటే సగం ఆవర్తనానికి, తీగ మళ్లీ పూర్తి త్రిభుజమవుతుంది, కానీ తలకిందులై, కొన 800 మి.మీ. దగ్గర ఉంటుంది. శ్రేణిలో ct = L పెట్టి, cos nπ = (−1)ⁿ అని రాసి చూస్తే ఇదే విషయం ఒక్క వరుసలో తేలుతుంది.

ఇప్పుడు అసలు సందేహం. మలుపు దగ్గర uₓₓ లేనప్పుడు uₜₜ = c²uₓₓ అనడానికి అర్థం ఏమిటి? ఈ సమీకరణం ఎక్కడి నుంచి వచ్చిందో గుర్తు చేసుకోవాలి. తీగలో ఒక ముక్కను తీసుకొని, దాని రెండు కొసల దగ్గర తన్యత వల్ల కలిగే నిలువు బలాల తేడా ఆ ముక్క ద్రవ్యవేగంలో మార్పు రేటుకు సమానమని రాస్తాం. ముక్కను సున్నాకు కుదించి, అవకలజాలు ఉన్నాయని అనుకుంటే తరంగ సమీకరణం వస్తుంది. అంటే ముక్కకు రాసిన నియమం ముందుది, అవకలన సమీకరణం దాని నుంచి పుట్టినది. రెండోది చతికిలపడిన చోట మొదటిదానిని అడగాలి.

రెండు మలుపులూ లోపల ఉండేటట్లు, వాటికి బయట రెండు బిందువులు ఎంచుకోండి. ఎడమ బిందువు దగ్గర వాలు 0.05, కుడి బిందువు దగ్గర −0.0125. కనుక ఆ ముక్క మీద నికర నిలువు బలం T × (−0.0625), అంటే కిందికి సుమారు 3.86 న్యూటన్లు. ఇక ద్రవ్యవేగం సంగతి. మలుపులు విస్తరిస్తున్నకొద్దీ ప్రతి మిల్లీసెకనుకూ 400 మి.మీ. తీగ, అంటే సుమారు 0.617 గ్రాములు, నిశ్చలత నుంచి 6.25 మీ/సె వేగానికి వస్తోంది. 0.617 గ్రాములను 6.25తో గుణించి మిల్లీసెకనుతో భాగిస్తే మళ్లీ 3.86 న్యూటన్లే. అక్షరాలతో రాస్తే బలం 0.0625T, ద్రవ్యవేగం మారే రేటు 0.0625μc², ఇవి సమానం కావడానికి c² = T/μ చాలు. రెండో అవకలజాన్ని ఎక్కడా పిలవకుండానే న్యూటన్ నియమం అక్షరాలా నెరవేరింది. వదలక ముందు తీగను పట్టి ఉంచడానికి మీ వేలు ప్రయోగించిన బలం కూడా ఇదే 3.86 న్యూటన్లని గమనించండి. వేలు తీసేసిన క్షణం నుంచి, దానిని తూచి ఉంచిన తన్యత బలం తీగకు ద్రవ్యవేగం ఇస్తోంది, అంతే. ఇలాంటి పరిష్కారాన్ని ఇప్పుడు పాక్షిక అవకలన సమీకరణాల పుస్తకాలలో బలహీన పరిష్కారం అంటారు. ఆయిలర్ పట్టుబట్టిన మాటకు తగిన నిర్వచనం అంత ఆలస్యంగా దొరికింది.

శ్రేణికి తిరిగి వద్దాం. పదం పదంగా రెండుసార్లు అవకలనం చేస్తే గుణకాలు n²bₙకు అనుపాతంలో ఉంటాయి. n²bₙ విలువలు 7.44, 12.05, 12.05, 7.44, 0, ఆ తరువాత ఇవే విలువలు రుణ గుర్తుతో, ఇలా తిరుగుతూనే ఉంటాయి. ఎన్నటికీ సున్నా వైపు పోవు కనుక శ్రేణి అభిసరించదు. వక్రత అంతా ఒక్క బిందువులోనే గుమిగూడి ఉన్న ఆకారానికి శ్రేణి రాస్తే గుణకాలు ఇలాగే ఉంటాయి. అసలు శ్రేణిలో మాత్రం గుణకాలు 1/n² లాగా తగ్గుతాయి, Σ1/n² అభిసరిస్తుంది కనుక, ఏ x దగ్గరైనా ఏ సమయంలోనైనా మొత్తం ఏకరీతిగా అభిసరిస్తుంది. మొదటి N పదాల మొత్తం సమీకరణాన్ని ఎలాంటి మినహాయింపూ లేకుండా పాటిస్తుంది, ముక్కకు రాసిన ద్రవ్యవేగ నియమాన్ని కూడా పాటిస్తుంది. ఆ నియమాన్ని కాలం మీదా, ముక్క కొసల స్థానాల మీదా సమాకలనం చేసి, అందులో u విలువలు మాత్రమే మిగిలే రూపంలో రాసుకుంటే, N పెంచుతూ పోయినా అది చెక్కుచెదరదు. పదం పదంగా అవకలనం చేసి ఋజువు చేయబోవడమే మీ దారికి అడ్డుపడింది.

దీనిని అంకెలలో చూడటం మంచిది. మొదటి కొన్ని గుణకాలు మి.మీ.లలో: b₁ = 7.44, b₂ = 3.01, b₃ = 1.34, b₄ = 0.465, b₅ = 0, b₆ = −0.207, b₇ = −0.246, b₈ = −0.188, b₉ = −0.092. వదిలిన క్షణంలో కొన దగ్గర, x = 200 మి.మీ. వద్ద, రావలసిన విలువ 10. మొదటి నాలుగు పదాలు 8.79 ఇస్తాయి, తొమ్మిది పదాలు కలిపినా 9.37 దగ్గరే ఆగుతాం. ఇప్పుడు అదే బిందువు దగ్గర 1 మిల్లీసెకను తరువాత చూడండి. రావలసినది 3.75. నాలుగు పదాలకు 3.81, తొమ్మిది పదాలకు 3.74 వస్తుంది. మొదటి సందర్భంలో పదాలన్నీ ధన గుర్తుతోనే చేరుతాయి, లోటు నెమ్మదిగా పూడుతుంది. రెండో సందర్భంలో మలుపులు ఆ బిందువును విడిచి దూరం పోయాయి, cos గుణకం పదాల గుర్తులను మారుస్తూ ఒకదానినొకటి సరిచేసుకునేలా చేస్తుంది. మలుపు ఉన్నచోట శ్రేణి మందకొడి, లేనిచోట చురుకు. మీరు కంప్యూటర్‌లో గీసి చూస్తే మలుపులు గుండ్రంగా కనిపించడానికి కారణం కూడా ఇదే, పదాలు పెంచితే అవి పదునెక్కుతాయి. ఆకారానికి బదులు వాలునో వేగాన్నో గీస్తే మరో వింత కనిపిస్తుంది. మలుపు దగ్గర అవి ఒక్కసారిగా మారే రాశులు కనుక, ఎన్ని పదాలు తీసుకున్నా ఆ దూకుడులో సుమారు 9 శాతం మేరకు గీత హద్దు దాటి పొడుచుకొని వస్తుంది. చాలామంది దానిని ప్రోగ్రాం తప్పుగా భావించి గంటల తరబడి వెతుకుతారు. అది గిబ్స్ దృగ్విషయం, దానిని అలాగే వదిలేయాలి.

ఐదో హరాత్మకం ఎందుకు లేదన్నదానికి సూత్రంలో sin(5π/5) = 0 అని చూపించి వదిలేయడం నాకు తృప్తినివ్వదు. bₙను సమాకలనంతో కాకుండా శక్తి వైపు నుంచి రాబడితే కారణం కళ్లకు కడుతుంది. తీగను sin(nπx/L) ఆకారంలో b ఎత్తుకు వంచడానికి పట్టే శక్తి T n²π²b²/(4L). ఒక్కో హరాత్మకాన్ని ఒక్కో స్ప్రింగుగా భావిస్తే, n పెరిగినకొద్దీ ఆ స్ప్రింగు n² రెట్లు గట్టిపడుతుంది. వేలు ఒకే బిందువు దగ్గర P బలంతో లాగినప్పుడు, nవ స్ప్రింగు మీద ఆ బలం పడే వంతు P sin(nπa/L). వేలి కింద ఆ హరాత్మకం ఎంత ఎత్తు కదలగలదో అంతే వంతు దానికి దక్కుతుంది. బలాన్ని గట్టిదనంతో భాగిస్తే,

bₙ = 2LP sin(nπa/L) / (π²n²T)

P = ThL/[a(L − a)] అని ప్రతిక్షేపిస్తే మీ సూత్రమే వస్తుంది. ఐదో హరాత్మకానికి 200 మి.మీ. దగ్గర అస్పందన బిందువు ఉంది. అక్కడ ఎంత బలంగా లాగినా ఆ హరాత్మకం మీద పని జరగదు, కనుక అందులోకి శక్తి పోదు. 10వ, 15వ హరాత్మకాలకూ ఇదే గతి. మిగిలిన వాటిలో శక్తి పంపకం ఇలా ఉంటుంది: మొదటిదానికి సుమారు 44 శాతం, రెండోదానికి 29, మూడోదానికి 13, నాలుగోదానికి 3 శాతం లోపు. సరిగ్గా మధ్యలో మీటితే మొదటిదానికే 81 శాతం పోతుంది, సరి సంఖ్యల హరాత్మకాలు ఉండవు. మధ్యలో మీటినప్పుడు నాదం మెత్తగానూ, మెట్టుకు దగ్గరగా మీటినప్పుడు పదునుగానూ వినిపించడానికి ఈ పంపకమే కారణం. లాగిన బిందువు దగ్గర అస్పందన బిందువు ఉన్న హరాత్మకాలు పుట్టవన్న ఈ నియమాన్ని థామస్ యంగ్ 1800లో గుర్తించారు.

దీనిని చెవితోనే పరీక్షించవచ్చు. తీగను 125 మి.మీ. దగ్గర మీటి, వెంటనే 200 మి.మీ. దగ్గర వేలికొనను అదమకుండా తాకించి తీసేయండి. అక్కడ అస్పందన బిందువు లేని కంపనాలన్నీ అణిగిపోయి, 5, 10, 15వ హరాత్మకాలు మిగులుతాయి. 500 హెర్ట్జ్ స్వరం సన్నగా, స్పష్టంగా వినిపిస్తుంది. ఈసారి 200 మి.మీ. దగ్గరే మీటి, అక్కడే తాకించండి. మిగలవలసినవి మొదటే పుట్టలేదు కనుక తీగ దాదాపు మూగబోతుంది. మీటే చోటు ఒకటి రెండు మి.మీ. తప్పినా బలహీనంగా 500 హెర్ట్జ్ వినబడుతుంది కాబట్టి, పలక మీద గుర్తు పెట్టుకొని గోటితో మీటడం మంచిది. వేలి మెత్తతో మీటితే బలం ఒక బిందువు మీద కాక ఒక వెడల్పు మీద పడుతుంది. ఆ వెడల్పు 10 మి.మీ. అయినా పదో హరాత్మకం వరకు తేడా తెలియదు, వందో హరాత్మకం దగ్గరకు వచ్చేసరికి గుణకం మూడో వంతుకు పైగా తగ్గుతుంది.

ప్రయోగం చేసేటప్పుడు మాత్రం నేను తీసుకున్న 10 మి.మీ. ఎత్తు వాడకండి. అంకెలు చదవడానికి వీలుగా ఉంటుందని ఆ విలువ పెట్టాను. శ్రేణి మొత్తం తన్యత స్థిరమన్న ఊహ మీద నిలబడి ఉంది. త్రిభుజంగా లాగినప్పుడు తీగ పొడవు ½(h²/a + h²/(L − a)), అంటే 0.31 మి.మీ. పెరుగుతుంది. వినడానికి చిన్నదే, కానీ ఈ మందం ఉన్న ఉక్కు తీగలో ఆ సాగుడు సుమారు 12 న్యూటన్ల అదనపు తన్యతను తెస్తుంది. అది 61.7లో ఐదో వంతు. అప్పుడు స్వరం మొదట హెచ్చు శ్రుతిలో మొదలై, కంపనం తగ్గేకొద్దీ కిందికి జారుతుంది. అలా జారడం వినిపిస్తే మీరు రేఖీయ సమీకరణం హద్దు దాటారని అర్థం. ఎత్తును 2 మి.మీ.కు తగ్గిస్తే అదనపు తన్యత ఎత్తు వర్గంతో పాటు తగ్గి అర న్యూటన్ దగ్గరకు వస్తుంది, ఒక శాతం కూడా ఉండదు. పై స్థానభ్రంశాలన్నింటినీ ఐదుతో భాగిస్తే ఆ సందర్భానికి సరిపోతాయి.

చివరగా, ఈ పరీక్షను వీణ మీద చేసి ఫలితం రాలేదని అనుకోకండి. సోనామీటరులో తీగ చివరలు ఆనే పదునైన మెట్ల లాంటివి వీణకూ తంబురాకూ ఉండవు, వాటిలో తీగ ఆనే గుర్రం పైభాగం వెడల్పుగా, కొద్దిగా వంపుతో ఉంటుంది. తీగ కిందికి ఊగినప్పుడు ఆ వంపు మీద కొంత మేర ఆనుకుంటుంది, పైకి లేచినప్పుడు విడిపోతుంది. అంటే u = 0 అన్న నిబంధన ఒకే x దగ్గర నిలవదు, చివర ప్రతి ఆవర్తనంలోనూ ముందుకూ వెనక్కూ జరుగుతుంది. అప్పుడు sin(nπx/L) ఆకారాలు ఒకదానికొకటి సంబంధం లేకుండా కంపించలేవు, ఒకదాని శక్తి మరొకదానిలోకి పోతుంది, మీటినప్పుడు పుట్టని హరాత్మకం తరువాత పుడుతుంది. సి.వి. రామన్ 1921లో భారతీయ తంత్రీవాద్యాల మీద ప్రచురించిన వ్యాసంలో ఇదే చూపించారు. మీటిన చోట అస్పందన బిందువు ఉండవలసిన హరాత్మకాలు కూడా వీణలో, తంబురాలో గట్టిగా వినిపిస్తాయని రాసి, దానికి కారణంగా ఆ గుర్రపు నిర్మాణాన్ని చూపారు. మీ శ్రేణిని నమ్మి పరీక్షించాలంటే రెండు చివరలా పదునైన మెట్టు ఉన్న తీగనే ఎంచుకోండి.